చౌక బస్తాలోని ఖరీదైన నత్రజని

ప్రశ్న: సర్, ఈ పంటకాలంలో మా పొలం మొత్తానికి 230 కిలోల నత్రజని వేయాలని భూసార పరీక్ష నివేదికలో రాశారు. 50 కిలోల అమ్మోనియం సల్ఫేట్ బస్తా ధర 840, అంతే బరువున్న యూరియా బస్తా ధర 1,380. చౌకగా ఉంది కదా అని అమ్మోనియం సల్ఫేట్ పది బస్తాలు తీసుకుందామనుకుంటున్నాను. ఎరువులకని 9,000 పక్కన పెట్టాను, నెలకు 3,000 మిగులుతుంది. ఇది కాక ఇంటి అత్యవసరాలకు దాచిన 20,000 ఉంది. దుకాణదారు మాత్రం ఐదు నెలల తర్వాత పంట అమ్మాక బస్తాకు 990 చొప్పున ఇవ్వవచ్చు, ఎన్ని కావాలన్నా ఇప్పుడే తీసుకెళ్లండి అంటున్నారు. అరువు తీసుకోమంటారా, దాచిన డబ్బు వాడమంటారా?

జవాబు: రెండూ వద్దు. అరువు అవసరమని మీకు అనిపించడానికి కారణం డబ్బు చాలకపోవడం కాదని, ఎరువు ధరను తప్పు కొలతతో చూడడమని ముందుగా గమనించండి. ఇలాంటి లెక్కతో వచ్చే ఉత్తరాలు చాలానే ఉంటాయి కాబట్టి మీ అంకెలతోనే దీన్ని పూర్తిగా విడమరుస్తాను.

బస్తా మీద నత్రజని 21 శాతం అని ఉంటే, 50 కిలోల బస్తాలో పైరుకు పనికివచ్చే నత్రజని పదిన్నర కిలోలు మాత్రమే ఉంటుంది. బస్తా ధర 840ని ఆ పదిన్నరతో భాగిస్తే కిలో నత్రజని 80 పడుతుంది. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు 23 కిలోలు; 1,380ని 23తో భాగిస్తే కిలో 60 పడుతుంది. బస్తాగా చూసినప్పుడు 540 తక్కువకు వస్తున్నట్టు కనిపించిన ఎరువు, నత్రజనిగా చూసినప్పుడు కిలోకు 20 ఎక్కువ పడుతోంది. ఈ లెక్క వేసేటప్పుడు బస్తా మీద రాసిన నికర బరువును తప్పక చూడాలి. మీరు రెండింటి బరువూ ఒకటేనని రాశారు. ఒకవేళ యూరియా బస్తా 45 కిలోలదైతే అందులో ఉండేది 20.7 కిలోల నత్రజని, అప్పుడు కిలో ధర సుమారు 67కు పెరుగుతుంది. అప్పటికీ అదే చౌక, కానీ తేడా 20 నుంచి 13కు పడిపోతుంది.

ఇంతకన్నా పెద్ద పొరపాటు మీరు అనుకున్న బస్తాల సంఖ్యలో ఉంది. పది బస్తాల అమ్మోనియం సల్ఫేట్‌లో ఉండేది 105 కిలోల నత్రజని. నివేదిక చెప్పినదానిలో అది సగం కూడా కాదు. 230 కిలోలు అందాలంటే 22 బస్తాలు కావాలి, వాటికి నగదు ధరకే 18,480 అవుతుంది. అదే యూరియా అయితే సరిగ్గా పది బస్తాలు, 13,800. రవాణాకూ దించడానికీ బస్తాకు 30 అనుకుంటే ఒక వైపు 660, మరో వైపు 300. తక్కువ శాతం ఉన్న ఎరువు కొన్నవారు పోషకంతోపాటు మిగతా బరువును మోయడానికీ డబ్బు చెల్లిస్తారన్నది బస్తా ధరలో కనిపించదు. సరుకు దూరం నుంచి రావలసి ఉన్నప్పుడు ఈ ఖర్చును బస్తా ధరకు కలిపి, ఆ తర్వాతే భాగించడం మంచిది.

ఇప్పుడు అరువు సంగతి. నగదుకు 840 ఉన్న బస్తాకు ఐదు నెలల తర్వాత 990 తీసుకోవడమంటే 840 మీద 150 వడ్డీ అన్నమాట. ఐదు నెలలకు అది దాదాపు 18 శాతం, ఏడాదికి లెక్కగడితే 43 శాతం. వడ్డీ అనే మాట ఎక్కడా వినిపించకపోవడం వల్లనే మంచి లెక్క తెలిసినవారు కూడా దీన్ని ఒప్పుకుంటారు. ఇంత వడ్డీకి నేరుగా అప్పు ఇస్తామని ఎవరైనా అంటే మీరు అక్కడ ఒక్క నిమిషం కూడా కూర్చోరు. అరువు ధరను కూడా పదిన్నరతో భాగించి చూడండి: కిలో నత్రజని 94కు చేరుతుంది. 60కి దొరికే వస్తువును 94కు, అదీ పంట చేతికి రాకముందే మాట ఇచ్చి కొనడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

ఇది ఎక్కడికి దారితీస్తుందో కూడా చూడాలి. పది బస్తాలు వేశాక నత్రజని చాలక ముదురు ఆకులు ముందుగా పసుపు రంగుకు తిరుగుతాయి. పంటను ఆ స్థితిలో వదిలేయలేరు కాబట్టి మిగతా పన్నెండు బస్తాలు కూడా అదే దుకాణంలో అరువుకే తెస్తారు. మొత్తం 22 బస్తాలకు బాకీ 21,780 అవుతుంది. మీ అత్యవసర నిధి 20,000 అని మీరే రాశారు. అంటే ఒక్క ఎరువుల బాకీయే ఆ నిధి మొత్తాన్ని మింగి, పైన ఇంకా 1,780 అడుగుతుంది. పంట ధర పడిపోయిన ఏడాదిలోనే ఇంట్లో ఎవరికైనా వైద్యం అవసరమైతే అప్పుడు చేయి చాచేది కూడా ఆ దుకాణదారు దగ్గరే. ఈ కారణంగానే నేను ప్రతి జవాబులోనూ అత్యవసర నిధి గురించి విసుగు పుట్టేంతగా చెబుతుంటాను: ఆ 20,000 ఎరువుల డబ్బు కాదు, విత్తనాల డబ్బు కాదు, పంటకు పెట్టుబడి అసలే కాదు. ఎప్పుడు వస్తుందో, ఎంత అవుతుందో ముందే తెలిసిన ఖర్చుకు అత్యవసరమనే పేరు చెల్లదు. ఎరువు ఏ వారంలో వేయాలో మీకు నెలల ముందే తెలుసు.

నిధిని తాకకుండా, అరువు లేకుండా పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. నత్రజనిని ఒకేసారి వేయకూడదన్న నియమమే ఇక్కడ మీకు అనుకూలం. లేత పైరు తీసుకునేది కొద్దిగానే ఉంటుంది, మిగిలినది నీటితోపాటు వేర్లకు అందని లోతుకు దిగిపోతుంది, అందువల్ల దఫాలుగా వేయమంటారు. మీ నివేదికలో దఫాలు నెల తేడాతో మూడు అని ఉంటే మొదట నాలుగు బస్తాలు, తర్వాత మూడు, చివర మూడు కొనండి. మొదటి నాలుగు బస్తాల యూరియాకు రవాణాతో కలిపి 5,640 అవుతుంది, మీ 9,000లో 3,360 మిగులుతుంది. నెల తిరిగేసరికి మరో 3,000 చేరి 6,360 అవుతుంది. మూడు బస్తాలకు 4,230 పోగా 2,130 ఉంటుంది. ఆ తర్వాతి నెల 3,000 కలిసి 5,130 అయితే, చివరి మూడు బస్తాలకు మళ్లీ 4,230 ఇచ్చి కూడా 900 మీ చేతిలో మిగులుతుంది. యూరియా గాలిలోని తేమను పీల్చి గడ్డకడుతుంది కాబట్టి నెలల తరబడి నిల్వ చేయకపోవడం సరుకుకూ మంచిదే. ఒకవేళ నగదు ఎక్కడైనా తగ్గితే బ్యాంకు పంట రుణం ఒక మార్గం, పంట బీమా ఉందో లేదో కూడా చూసుకోండి.

అమ్మోనియం సల్ఫేట్ ఎప్పటికీ కొనకూడదని దీని అర్థం కాదు. అందులో నత్రజనితోపాటు 24 శాతం గంధకం, అంటే బస్తాకు 12 కిలోలు ఉంటుంది, యూరియాలో అది లేదు. మీ భూసార నివేదికలో గంధకం లోపం ఉందో లేదో రాయలేదు. లోపం లేకపోతే ఆ 12 కిలోలకు మీ లెక్కలో విలువ సున్నా. లోపం ఉంటే ఇలా చూడండి: బస్తాలోని పదిన్నర కిలోల నత్రజనికి యూరియా రేటు చొప్పున 630 తీసేస్తే 210 మిగులుతుంది, అది 12 కిలోల గంధకానికి మీరు ఇస్తున్న ధర, కిలోకు పదిహేడున్నర. జిప్సం వంటి మరో రూపంలో గంధకం అంతకన్నా చౌకగా దొరికితే అది కొనండి, లేకపోతే అమ్మోనియం సల్ఫేట్ కొనవచ్చు. అయితే కావలసినంతే కొనాలి. ఉదాహరణకు పొలానికి 24 కిలోల గంధకం చాలనుకుంటే రెండు బస్తాలు సరిపోతాయి, వాటితో 21 కిలోల నత్రజని కూడా వస్తుంది. మిగతాదానికి తొమ్మిది బస్తాల యూరియా చాలు, మొత్తం 228 కిలోలు అవుతుంది. ఖర్చు 14,100, అంటే అంతా యూరియాయే కొన్నదానికన్నా 300 మాత్రమే ఎక్కువ. అలా కాక 22 బస్తాలూ అమ్మోనియం సల్ఫేటే వేస్తే 264 కిలోల గంధకానికి డబ్బు పెట్టినట్టు, పైగా అది నేలలో ఆమ్లత్వాన్ని యూరియాకన్నా ఎక్కువగా పెంచుతుంది. ఆమ్ల నేలల్లో సున్నం ఖర్చు తర్వాత వచ్చి పడుతుంది.

భాస్వరం, పొటాష్ ఎరువులను ఇదే పద్ధతిలో పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త అవసరం. చాలా దేశాల్లో బస్తా మీది శాతాలు ఆ మూలకాలవి కావు, వాటి ఆక్సైడ్లవి. నిజమైన భాస్వరం కావాలంటే ఆ అంకెను 0.44తో, పొటాషియం కావాలంటే 0.83తో గుణించాలి. రెండు బస్తాల మీదా ఆక్సైడ్ లెక్కే ఉంటే పోలికకు గుణించనవసరం లేదు, ఒకటి ఆక్సైడ్, మరొకటి మూలకం అయితేనే లెక్క తప్పుతుంది.

యూరియా కిలోకు 60 అన్న లెక్క నత్రజని నేలలోకి చేరినప్పుడే నిజం. తడి నేల మీద చల్లి అలాగే వదిలేస్తే, ముఖ్యంగా వేడి రోజుల్లో, క్షార గుణం ఉన్న నేలల్లో అది అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. నాలుగో వంతు అలా పోయిందంటే మీకు మిగిలిన నత్రజని కిలో 80 పడినట్టే, అంటే అమ్మోనియం సల్ఫేట్ మీద ఉన్న లాభం మొత్తం ఆవిరైనట్టే. ఈ నష్టం కంటికి కనిపించదు, చల్లిన కొద్ది రోజులకే పొలం మీద ఘాటైన వాసన వస్తే మాత్రం అనుమానించాలి. అందుకని యూరియాను ఐదు సెంటీమీటర్ల లోతున మట్టిలో కలిసేలా వేయండి, లేదా వేసిన వెంటనే అది లోపలికి దిగేంత తడి ఇవ్వండి. చిరుజల్లు చాలదు, గుళికలను కరిగించి నేల పైపొరలోనే వదిలేస్తుంది. రెండో దఫా సమయానికి నీరు పెట్టే వీలు లేకపోతే ఆ మూడు బస్తాల కొనుగోలును తడి దొరికేదాకా వాయిదా వేయండి. అరువు సరుకు ఇంట్లో పేర్చుకోలేదు కాబట్టి తొందరపడవలసిన అవసరం మీకు ఉండదు.