ప్రసూతి సెలవు నుంచి తిరిగి చేరకుండా రాజీనామా: లేఖలో చివరి తేదీయే కీలకం

ప్రశ్న: పాప పుట్టి నాలుగు నెలలైంది. సెలవు ముగిశాక మళ్ళీ ఉద్యోగంలో చేరే ఉద్దేశం లేదు. ఆఫీసువాళ్ళు నన్ను ఎంతో బాగా చూసుకున్నారు, వాళ్ళ మనసు నొప్పించాలని లేదు. అలాగని నాకు రావలసినవి వదులుకోలేను. లేఖ ఎలా రాయాలి? ఇంతవరకు ఇచ్చిన సెలవు జీతం వెనక్కి అడుగుతారా?

జవాబు:

ముందు మీ భయం తీరుస్తాను. ప్రసూతి ప్రయోజనంగా ఇచ్చిన డబ్బును, తల్లి తిరిగి చేరలేదన్న కారణంతో వెనక్కి తీసుకునే వీలు చట్టంలో లేదు. ప్రసవానికి అంచనా వేసిన తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రయోజనం మీ హక్కు. ‘తిరిగి చేరకపోతే మొత్తం కట్టాలి’ అని నియామక పత్రంలో రాసి ఉన్నా చట్టం ఇచ్చినదాన్ని ఆ షరతు తీసేయలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. సెలవు కాలంలో మరో సంస్థలో పనికి కుదిరితే ఆ రోజుల ప్రయోజనం పోతుంది. కొత్త ఉద్యోగం ఏదైనా ఉంటే సెలవు ముగిశాకే చేరండి.

అసలు నష్టం జరిగేది లేఖలో మీరు వేసే చివరి తేదీ దగ్గర. నా విషయంలో కొద్దిలో తప్పింది కనుక వివరంగా చెబుతాను.

నేను హైదరాబాదులో మందుల పంపిణీ సంస్థ ఒకదానిలో అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. చేరింది 2017 జులై 3న. ప్రసూతి సెలవు 2022 జనవరి 10న మొదలైంది, ఫిబ్రవరి 2న పాప పుట్టింది. 26 వారాలంటే 182 రోజులు, కాబట్టి సెలవు జులై 10తో ముగుస్తుంది. మే నెలలో మా మేనేజర్ గారు ఫోన్ చేశారు. ‘‘అమ్మా, నువ్వు రావడం లేదంటున్నావు కదా, మే 31తో రాజీనామా ఇచ్చేస్తే జూన్ నుంచి వేరే అమ్మాయిని తీసుకుంటాను’’ అన్నారు. ఆయన మాటలో దురుద్దేశం ఏమీ లేదు. నేనూ ‘‘అలాగే సార్’’ అనేశాను.

ఆ రాత్రి చీర ఉయ్యాలను కాలితో ఊపుతూ నియామక పత్రం తీసి చదువుతుంటే చేరిన తేదీ కంటబడింది. వేళ్ళమీద లెక్కపెట్టాను. మే 31 నాటికి నా సర్వీసు నాలుగేళ్ళ పది నెలలు దాటుతుంది, అంతే. జులై 2 నాటికి అయిదేళ్ళు నిండుతాయి. గ్రాట్యుటీకి అయిదేళ్ళ నిరంతర సర్వీసు కావాలి. ప్రసూతి సెలవు రోజులు 26 వారాల వరకు ఆ సర్వీసులో భాగమే. అయిదో ఏట 240 రోజులు నిండితే చాలన్న కోర్టు తీర్పులు ఉన్నాయి గాని, చంకలో పసిపిల్లతో ఆ వాదన పట్టుకుని తిరగడం ఎవరివల్ల అవుతుంది? నెల రోజులు ఆగితే వివాదమే ఉండదు.

నా మూలవేతనం, కరువు భత్యం కలిపి 28,600 రూపాయలు. గ్రాట్యుటీ లెక్కకు నెలను 26 రోజులుగా తీసుకుంటారు. అంటే రోజుకు 1,100. ఏడాదికి 15 రోజుల చొప్పున 16,500. అయిదేళ్ళకు 82,500 రూపాయలు. ఒక తేదీ తప్పుగా వేసి ఉంటే అదంతా చేజారే ప్రమాదం ఉండేది. మర్నాడు మేనేజర్ గారికి ఫోన్ చేసి, ‘‘సార్, నా సెలవు జులై 10 వరకు ఉంది, అదే నా చివరి తేదీగా రాస్తాను, కొత్త అమ్మాయిని మీరు ఎప్పుడైనా తీసుకోండి, పని నేను ఫోన్‌లో నేర్పిస్తాను’’ అని చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఖాళీ భర్తీకి, నా చివరి తేదీకి సంబంధం లేదని ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది.

తరువాత నోటీసు సంగతి. నా నియామక పత్రంలో నెల రోజుల నోటీసు అని ఉంది. జూన్ 8న లేఖ ఇస్తే జులై 10కి నెల దాటుతుంది. సెలవులో ఉండగా నోటీసు కాలం నడుస్తుందా లేదా అన్నది ఎక్కువగా నియామక పత్రాన్ని, యాజమాన్యం అంగీకారాన్ని బట్టి ఉంటుంది. కొన్ని సంస్థలు నోటీసు రోజులు పనిలో ఉండి తీరాలంటాయి, లేదంటే ఆ నెల జీతం తుది లెక్కలో కోసుకుంటాయి. అందుకే లేఖ ఇచ్చేముందే అడిగి, సరేనన్న మాట ఈమెయిల్‌లో రాయించుకున్నాను.

కృతజ్ఞత దగ్గర నేను రెండుసార్లు తిరగరాశాను. మొదటి ప్రతిలో ‘ఆరు నెలలు కూర్చోబెట్టి జీతం ఇచ్చిన మీ రుణం తీర్చుకోలేను’ అని ఉంది. మా అక్క చదివి, ‘‘అది వాళ్ళు ఇచ్చిన దానం కాదే, నీ హక్కు. అలా రాసి, కింద గ్రాట్యుటీ అడిగితే నీకే అదనంగా అడుగుతున్నట్టు అనిపిస్తుంది’’ అంది. నిజమే. చట్టప్రకారం వచ్చినదానికి కాకుండా, వాళ్ళు తమంతట తాము చూపిన ఆదరణకు కృతజ్ఞత చెప్పాలి. నాకు ఏడో నెలలో మేడమీద గోదాములో స్టాకు లెక్కింపు ఉండేది. మేనేజర్ గారు నన్ను మెట్లెక్కనివ్వకుండా రిజిస్టర్లన్నీ కిందికి తెప్పించి నా బల్ల మీద పెట్టించారు. దానికి కృతజ్ఞత రాస్తుంటే మాటలు వెతుక్కోవలసిన పని పడలేదు.

మా ఆఫీసులో ఇంగ్లీషులోనే ఇచ్చాను. తెలుగులో ఇలా ఉంటుంది:

‘‘తేదీ: 8 జూన్ 2022
విషయం: 10 జులై 2022తో ముగిసేలా రాజీనామా

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నేను 2017 జులై 3న మన సంస్థలో చేరాను. 2022 జనవరి 10 నుంచి ప్రసూతి సెలవులో ఉన్నాను. ఈ సెలవు జులై 10తో ముగుస్తుంది. పాపను చూసుకోవలసి ఉన్నందున ఆ తరువాత తిరిగి చేరలేకపోతున్నాను. జులై 10ని నా ఉద్యోగానికి చివరి తేదీగా తీసుకుని రాజీనామాను ఆమోదించ ప్రార్థన. నియామక పత్రం ప్రకారం నెల రోజుల నోటీసు ఈ లేఖ తేదీ నుంచి మొదలవుతుంది. ఇందుకు మీరు ఈమెయిల్ ద్వారా అంగీకరించారు.

ఏడో నెలలో స్టాకు లెక్కింపు సమయంలో నన్ను మెట్లెక్కనివ్వకుండా రిజిస్టర్లు నా బల్ల దగ్గరికి తెప్పించారు. ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజుల్లో నా పనిని తోటివారు అడగకుండానే అందుకున్నారు. ఆ ఆదరణ నేను మరచిపోలేను. మీకు, మన విభాగంలో అందరికీ నా కృతజ్ఞతలు.

నాకు అందవలసినవి ఇవి: జులై 10 వరకు మిగిలిన ప్రసూతి ప్రయోజనం, అయిదు సంవత్సరాల సర్వీసుకు గ్రాట్యుటీ, నా ఖాతాలో ఉన్న 22 ఆర్జిత సెలవులకు నగదు. గ్రాట్యుటీకి దరఖాస్తు విడిగా పంపుతాను. భవిష్య నిధి రికార్డులో నిష్క్రమణ తేదీ జులై 10గా నమోదు చేయించి, రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, ఫారం-16 ఇప్పించగలరు.

నా స్థానంలో వచ్చేవారికి జూన్ నెలాఖరు వరకు సాయంత్రం వేళ ఫోన్‌లో పని వివరిస్తాను.

భవదీయురాలు’’

రావలసినవాటి గురించి మూడో పేరా చూడండి. ‘దయచేసి పరిశీలించగలరు’ అని లేదు, ‘ఇవ్వకపోతే’ అన్న మాటా లేదు. పేరు, కాలం, రోజుల సంఖ్య మాత్రమే ఉన్నాయి. రూపాయల మొత్తం కావాలనే రాయలేదు. సెలవుల నగదును కొన్ని సంస్థలు నెలకు 30 రోజులుగా, కొన్ని 26గా లెక్కగడతాయి, పరిమితి కూడా సంస్థ నియమాల్లో ఉంటుంది. అంకె ముందే రాస్తే అది వాళ్ళ లెక్కతో కలవనప్పుడు అనవసరపు వాదన మొదలవుతుంది. మీ లెక్క మీ దగ్గర వేసి ఉంచుకుంటే చాలు.

లేఖ ఇంత జాగ్రత్తగా రాసినా ఒక పొరపాటు జరిగింది. జులై చివరలో భవిష్య నిధి పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి చూస్తే నిష్క్రమణ తేదీ 2022 జనవరి 9 అని కనిపించింది. హాజరు పట్టీలో నేను చివరిసారి సంతకం చేసిన రోజు అది. సిబ్బంది విభాగంలో ఎవరో దాన్నే వేసేశారు. ఆ తేదీ నిలిస్తే నా సర్వీసు నాలుగున్నరేళ్ళే. లేఖ ప్రతిని, ఆమోదపు ఈమెయిల్‌ను జతచేసి, ‘చివరి తేదీ జులై 10గా సవరించగలరు’ అని ఒక్క వాక్యం పంపాను. యాజమాన్యమే సవరణకు అభ్యర్థన పెట్టాల్సి వచ్చింది, రెండు వారాలు పట్టింది. మీరు కూడా డబ్బు వచ్చేసిందని ఊరుకోకుండా ఆ పేజీ ఒకసారి చూడండి.

తుది లెక్కకు సంతకం చేయమని పంపిన కాగితంలో ‘ఇకపై నాకు సంస్థ నుంచి ఎలాంటి బకాయిలూ లేవు’ అని ఉంది. అప్పటికి సెలవుల నగదు మాత్రమే జమైంది, గ్రాట్యుటీ రాలేదు. ఆ వాక్యం పక్కన ‘గ్రాట్యుటీ మినహా’ అని చేత్తో రాసి, సంతకం పెట్టి పంపాను. ఎవరూ ఏమీ అనలేదు. గ్రాట్యుటీ చెల్లించవలసిన రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. నాకు ఆగస్టు మొదటి వారంలో జమైంది.

నాది 2022 నాటి సంగతి. 2025 నవంబరు 21 నుంచి కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 26 వారాలు, 80 రోజుల నిబంధన, శాశ్వత ఉద్యోగులకు అయిదేళ్ళ గ్రాట్యుటీ నియమం వాటిలోనూ ఉన్నాయి. మారినవాటిలో మీకు పనికొచ్చేవి మూడు. రాజీనామా చేసినవారి జీతం బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే ఆ పైభాగాన్నీ వేతనంలో కలిపి లెక్కించాలి, కాబట్టి మూలవేతనం తక్కువగా చూపే సంస్థల్లో గ్రాట్యుటీ పెరగవచ్చు. మీది నిర్ణీత కాలపు ఒప్పంద ఉద్యోగమైతే ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వర్తిస్తుంది. మీకు ఈఎస్ఐ ఉంటే ప్రసూతి డబ్బు యాజమాన్యం నుంచి కాక అక్కడి నుంచే వస్తుంది కనుక లేఖలో ఆ ముక్క తీసేయండి.

ఇంకొకటి: సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా చివరి తేదీతోనే ఆగిపోతుంది. పాప పేరు అందులో ఉంటే, ఆ చివరి తేదీకి ముందే మీ భర్త ఆఫీసు బీమాలోనో, విడి పాలసీలోనో చేర్పించండి. నేను జులై 11న టీకా కోసం వెళ్ళినప్పుడు ఆసుపత్రి కౌంటరులో కార్డు చెల్లదన్నారు. అప్పటికే మావారి పాలసీలో పాప పేరు ఉండబట్టి సరిపోయింది.