ల్యాప్‌టాప్ మూసినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది

ప్రశ్న: బెంగళూరులో ఉంటూ ఫ్రీలాన్స్ కోడింగ్ చేస్తున్నాను. నా ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీయే, బిల్డ్ పెడితే బిగుసుకుపోతోంది. 90 వేలు పెట్టి కొత్తది ఈఎంఐలో కొనమంటారా, లేక వీఎస్ కోడ్‌తో ఏడబ్ల్యూఎస్ సర్వర్‌లోకి వెళ్లి పని చేసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఇప్పుడే ఈఎంఐ పెట్టుకోకండి. 15 శాతం వడ్డీకి ఏడాది వాయిదాలంటే నెలకు సుమారు 8,100 రూపాయలు. పని లేని నెలలోనూ అది కట్టాల్సిందే. సర్వర్‌నైతే ఆ నెల ఆపేసుకోవచ్చు.

వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ ద్వారా కనెక్ట్ అయితే ఫైళ్లు, బిల్డ్, చాలావరకు ఎక్స్‌టెన్షన్లు సర్వర్ మీదే నడుస్తాయి. మీ ల్యాప్‌టాప్ ఎడిటర్ తెరను చూపిస్తే చాలు, దానికి 4 జీబీ సరిపోతుంది. కోడ్ టైప్ చేయడంలో ఆలస్యం తెలియదు కానీ టెర్మినల్‌లో తెలుస్తుంది. అందుకే ముంబై రీజియన్ తీసుకోండి.

ఇక లెక్క. 8 జీబీ ర్యామ్ సర్వర్ గంటకు 8 రూపాయలు, డిస్క్‌కీ మారని ఐపీ అడ్రస్‌కీ కలిపి నెలకు 700 అనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున 22 రోజులు వాడితే 1,408. దానికి 700 కలిపి, 18 శాతం జీఎస్టీ వేస్తే 2,487. అదే సర్వర్‌ను నెలంతా ఆపకుండా వదిలేస్తే 7,623, అంటే ఈఎంఐకి దగ్గరగా వచ్చేసినట్టే. వీఎస్ కోడ్ మూసేసినా సర్వర్ ఆగదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

అందుకని సర్వర్‌లో `sudo crontab -e` తెరిచి ఈ లైను పెట్టండి:

```
0 16 * * * /sbin/shutdown -h now
```

రాత్రి 9:30కి సర్వర్ దానంతటదే ఆగుతుంది. సర్వర్ గడియారం మామూలుగా మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉంటుంది కాబట్టి 16 అని రాశాం. నా దగ్గరకు వచ్చిన ఒకతను 9:30 కదా అని `30 21` అని రాశాడు. అతని సర్వర్ రోజూ తెల్లవారుజామున 3 గంటలకు ఆగేది. రోజుకు ఐదున్నర గంటలు, 44 రూపాయలు. 22 రోజులకు జీఎస్టీ కాకుండానే 968 వృథా. మీరు `date` కొట్టి చూస్తే అక్కడి టైమ్ తెలిసిపోతుంది.

ఆ లైను పెట్టేముందు ఏడబ్ల్యూఎస్‌లో షట్‌డౌన్ బిహేవియర్ `Stop` అని ఉందో లేదో చూడండి. `Terminate` అని ఉంటే సర్వర్ పోతుంది, మామూలుగా దాంతోపాటు డిస్క్ కూడా పోతుంది. ఎలా ఉన్నా సాయంత్రం లేచేముందు కోడ్ `git push` చేయండి. బడ్జెట్ అలర్ట్ 3,000కి పెట్టుకోండి కానీ అది మెయిల్ మాత్రమే పంపుతుంది, ఖర్చును ఆపదు.

ఈఎంఐకీ ఈ బిల్లుకీ మధ్య తేడా 5,600. దాన్ని ప్రతి నెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 16 నెలలకు వడ్డీ కాకుండానే 89,600 చేరుతుంది. మీ పీజీలో నెట్ తరచూ పోతుంటే మాత్రం ఈ పద్ధతి నడవదు. ముందు ఒక వారం ఫోన్ హాట్‌స్పాట్‌ను తోడు పెట్టుకుని చేసి చూడండి.