కంట్లో గ్యాస్ ఉండగా కొండ ఎక్కకు

హైదరాబాద్, నల్లకుంట

చి. మురళికి అక్క దీవెనలు.

వచ్చే గురువారం నీ కంటికి విట్రెక్టమీ అని రాధ ఫోన్లో చెప్పింది. ఆపరేషన్ గురించి టెన్షన్ వద్దు. కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి మొద్దుబారుస్తారు, గంటో గంటన్నరో పడుతుంది. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది.

నీకూ నాకూ జబ్బు ఒకటే, మాక్యులర్ హోల్. కంటి వెనక పొరలో, మనం అక్షరాలు చదివే నడిమి చోట సన్నటి చిల్లు. లోపలి జెల్లీ లాంటి పదార్థం తీసేసి, ఆ ఖాళీలో గ్యాస్ నింపుతారు. చిల్లు అంచులు అతుక్కునేదాకా అక్కడ తడి తగలనివ్వకుండా ఆ గ్యాస్ ఆని ఉండాలి. గ్యాసేమో ఎప్పుడూ పైకి తేలుతుంది. నువ్వు వెల్లకిలా పడుకుంటే అది ముందుకు, నల్లగుడ్డు వైపు పోతుంది. ముఖం వంచి నేల చూస్తేనే కంటి వెనక భాగం పైకొచ్చి, గ్యాస్ అక్కడికి చేరుతుంది. బోర్లా ఉండమనేది అందుకే.

నాకు ఐదు రోజులు చెప్పారు. చిల్లు సైజును బట్టి నీకు మూడు రోజులో, వారమో చెప్తారు. ఒళ్ళంతా బోర్లా ఉండనక్కర్లేదు, ముఖం నేలవైపు ఉంటే చాలు. నేను పగలు డైనింగ్ టేబుల్ మీద రెండు చేతులూ మడిచి నుదురు ఆనించేదాన్ని. కంటి మీద మాత్రం ఒత్తిడి పడకూడదు. టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని స్ట్రాతో తాగాను. రెండో రోజు మెడ పట్టేసి ఏడుపొచ్చింది. గంటకోసారి లేచి, తల వంచుకునే హాల్లో నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకుంది. ఆ రోజులు అయిపోయాక కూడా గ్యాస్ ఉన్నన్నాళ్ళూ వెల్లకిలా పడుకోకు. అది లెన్స్‌కు ఆనుకుని ఉంటే శుక్లం తొందరగా ముదురుతుంది, కంటి ప్రెషర్ కూడా పెరుగుతుంది.

ఇక నీ బెంగళూరు ప్రయాణం. మూడో వారానికే విమానం టికెట్లు తీశావట. కాన్సిల్ చెయ్యి.

విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతకు పడిపోవచ్చు. మన హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు. బయట ఒత్తిడి తగ్గిన కొద్దీ కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది, ఈ లెక్కన పావు వంతు దాకా. గ్యాస్ పట్టే చోటే నాలుగు మిల్లీలీటర్లు, ఇంకో మిల్లీలీటరు ఎక్కడికి పోతుంది? కన్ను బెలూన్‌లా సాగదు. లోపల ప్రెషర్ పెరిగి, వెనక పొరకు రక్తం ఇచ్చే నాళం నొక్కుకుపోతుంది. అలా కొంతసేపు ఉంటే పోయిన చూపు తిరిగి రాదు.

రైల్లో వెళ్తానంటావేమో. బెంగళూరు మనకంటే దాదాపు 380 మీటర్లు ఎత్తు. డాక్టర్ని అడక్కుండా అదీ వద్దు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఆసుపత్రిలో నాకిచ్చిన కాగితంలో విమానం ఎక్కొద్దని మాత్రమే ఉంది. కొండ మాట ఎవరూ చెప్పలేదు. నాలుగో వారంలో మొక్కు తీర్చుకుందామని రైల్లో తిరుపతి వెళ్ళాం. కింద తిరుపతి 160 మీటర్లు, పైన తిరుమల 850కి పైనే. గంటలోపే అంత ఎత్తు. ఘాట్ రోడ్డు సగంలో కన్ను లోపల్నించి ఎవరో తోస్తున్నట్టు నొప్పి. కాసేపటికి ఆ కంటికి అంతా మసకేసి, వాంతి వచ్చింది. ఆ రోడ్డు ఎక్కడానికే, వెనక్కి తిప్పే వీల్లేదు. పైదాకా వెళ్ళి, దర్శనం మాట మరిచి, రెండో రోడ్డున దిగాం. దిగుతుంటే నొప్పి తగ్గింది. కింద కంటి డాక్టరు చుక్కలు వేసి, అదృష్టం అన్నారు.

గ్యాస్ ఎంత ఉందో నీ కంటికే తెలుస్తుంది. మొదట్లో అంతా పొగమంచే. తర్వాత చూపుకు అడ్డంగా మేస్త్రీల రసమట్టంలో నీళ్ళలా ఊగే గీత కనిపిస్తుంది. గ్యాస్ కరిగే కొద్దీ ఆ గీత రోజురోజుకీ కిందికి దిగి, చివరికి అడుగున చిన్న బుడగై మాయమవుతుంది. నీకు ఏ గ్యాస్ వేశారో అడిగి రాసుకో. ఎస్ఎఫ్6 అయితే రెండు మూడు వారాలు, సీ3ఎఫ్8 అయితే రెండు నెలల దాకా. గీత పోయిందని నువ్వే తేల్చుకోకు, డాక్టరు కన్ను చూసి సరేనన్నాకే ప్రయాణం.

చేతికి వేసే బ్యాండ్ అప్పటిదాకా తియ్యకు. ఈలోగా ఏ కాలో విరిగి వేరే ఆపరేషన్ చెయ్యాల్సొస్తే, మత్తిచ్చే డాక్టరుకు కంట్లో గ్యాస్ ఉందని తెలియాలి. నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే అది బుడగలోకి చేరి, నేల మీదే కొండెక్కినంత పని చేస్తుంది.

నొప్పి ఎక్కువైనా, చూపు ఉన్నట్టుండి తగ్గినా, వాంతులైనా తెల్లారేదాకా ఆగకు, అర్ధరాత్రైనా వెళ్ళు. నేను వాడిన నడుమ ఖాళీ ఉన్న దిండు బుధవారం రవితో పంపిస్తున్నా. దాని గలీబు ఉతికి పెట్టాను.

మీ అక్క