తమిళం నుంచి నేరుగానా, ఇంగ్లీషు మీదుగానా?

విజయవాడ

చి॥ శారదకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నవల తమిళంలో ఉంది, దాని ఇంగ్లీషు అనువాదమూ దొరుకుతోంది, ఇంగ్లీషు నుంచి చేసేస్తే పని తొందరగా తెములుతుందని ప్రచురణకర్త అంటున్నాడు, నీ తమిళమేమో చదవడం వరకూ ఫర్వాలేదు. ఏం చెయ్యమంటావు అని అడిగావు. తమిళం నుంచే చెయ్యి. ఇంగ్లీషు పుస్తకం పక్కన ఉంచుకుని, అర్థం కానిచోట తెరిచి చూడు. అలా ఎందుకంటున్నానో కాస్త వివరంగానే రాస్తాను. రేపు నీకు వచ్చే పనులన్నీ నవలలే కావు, కొన్నిటికి నేనే ఇంగ్లీషు పట్టుకోమంటాను కూడా.

ముందు మూడు చిన్న వాక్యాలు చూడు. ఒక ఇంట్లో ఆస్తి గొడవ నడుస్తోంది. పంపకాల రోజున ఊళ్ళో లేని అక్కకి చెల్లెలు ఫోన్లో చెబుతోంది. "అన్నైక్కు నాంగళ్ పేసి ముడివు పణ్ణినోమ్. మామా వందార్. పణత్తై తంబికిట్ట కుడుత్తుట్టారామ్."

దీన్ని ఇంగ్లీషు చేసినవాళ్ళు 'వుయ్' మాట్లాడుకుని నిర్ణయించాం, 'అంకుల్' వచ్చాడు, డబ్బు 'బ్రదర్'కి ఇచ్చాడు అని శుభ్రంగా రాస్తారు. అందులో పట్టుకోవడానికి తప్పేమీ ఉండదు. ఆ ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్ళు ఇలా రాయవచ్చు: "ఆ రోజు మనం మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. బాబాయి వచ్చాడు. డబ్బు అన్నయ్యకి ఇచ్చాడు." ఇందులోనూ ఇంగ్లీషుకి విరుద్ధమైనది ఒక్క ముక్క లేదు. ఇప్పుడు తమిళం చూసి నేరుగా చేసింది చదువు: "ఆ రోజు మేము మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. మామయ్య వచ్చారు. డబ్బు తమ్ముడి చేతికి ఇచ్చేశారట."

తమిళంలో నాంగళ్ అంటే మన 'మేము', నామ్ అంటే మన 'మనం'. చెల్లెలు నాంగళ్ అంది కాబట్టి వింటున్న అక్క ఆ నిర్ణయంలో లేదు. ఇంగ్లీషు మీదుగా వచ్చేసరికి అక్క కూడా ఒప్పుకున్నదైంది. నన్నడక్కుండా ఎలా తేల్చారు అని ఆ అక్క తర్వాత అధ్యాయంలో విరుచుకుపడితే, తెలుగు పాఠకుడికి ఆవిడ అబద్ధమాడుతున్నట్టు ఉంటుంది. మామా సంగతి ఇంకా ఘోరం. మేనమామ ఆ ఇంటి ఆస్తిలో వాటా లేనివాడు, పెద్దమనిషిగా వచ్చాడు. బాబాయి అంటే నాన్న తమ్ముడు, పిత్రార్జితమైతే ఆయనకీ వాటా ఉంటుంది. అంకుల్ అన్న ఒక్క మాట పుణ్యమా అని మధ్యవర్తి కాస్తా వాటాదారుడైపోయాడు. తంబి అన్నయ్యగా మారడం నీకు చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది చివర్లో ఉన్న 'ఆమ్'. అది అచ్చంగా మన 'అట'. డబ్బు ఇవ్వడం చెల్లెలు కళ్ళతో చూడలేదు, ఎవరో చెప్పగా విన్నది. ఇంగ్లీషులో ఆ సంగతి చెప్పాలంటే వాక్యానికి ఒక అదనపు మాట తగిలించాలి. ప్రతి వాక్యానికీ తగిలిస్తే ఇంగ్లీషు చదవబుద్ధి కాదు గనక మంచి అనువాదకులే దాన్ని వదిలేస్తారు, వాళ్ళని తప్పుపట్టలేం. ఆ వదిలేసినదాన్ని తెలుగులోకి వచ్చేటప్పుడు తిరిగి తెచ్చుకునే దారి మాత్రం లేదు. విన్నమాట కాస్తా సాక్ష్యమైపోతుంది. నవల్లో అయితే పాత్ర స్వభావం మారుతుంది, వాంగ్మూలంలో అయితే కేసే మారుతుంది.

ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడం చాలా కష్టం. తెలుగుని ఇంగ్లీషు పక్కన పెట్టి ఎడిటర్ చూస్తే అన్నీ సరిపోతాయి. ఇంగ్లీషుని తమిళం పక్కన పెట్టి చూసినా సరిపోతాయి. మొదటి మెట్టు మీద వివరం పోయింది, రెండో మెట్టు మీద ఆ ఖాళీని ఊహతో పూడ్చారు. తమిళం, తెలుగు రెండూ ఎదురెదురుగా పెట్టుకున్న మనిషికి తప్ప అది కనబడదు. తమిళం చేతిలో లేకపోయినా అనుమానించడానికి ఒక దారి ఉంది. పుస్తకమంతా బంధుత్వాలు ఒక కాగితం మీద రాసుకుంటూ చదువు. మొదట్లో బాబాయి అయినవాడి కూతుర్ని తర్వాతెప్పుడో కథానాయకుడికి ఇస్తామంటున్నారంటే, ఆయన బాబాయి కాదు, మామయ్య. అన్నయ్య అనుకున్నవాడు హఠాత్తుగా చిన్నవాడైనా అంతే.

గౌరవ వాచకాల దగ్గర ఇంగ్లీషు ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. "డాక్టర్ వందార్, పార్త్తార్, మరుందు ఎళుదిక్ కొడుత్తార్" అన్నప్పుడు వచ్చింది ఆడ డాక్టరో మగ డాక్టరో తమిళం చెప్పదు. "డాక్టరుగారు వచ్చారు, చూశారు, మందు రాసిచ్చారు" అంటే తెలుగూ చెప్పదు. ఇంగ్లీషు మాత్రం ఊరుకోదు, 'హీ'నో 'షీ'నో తేల్చమంటుంది. అక్కడ అనువాదకుడు హీ అంటే తెలుగులో 'ఆయన' వచ్చి కూర్చుంటాడు. కొన్ని పేజీల తర్వాత ఆ డాక్టరుగారు చీర కొంగు సర్దుకుంటారు. నీంగ, నీ అన్న తేడా కూడా అంతే. ఇన్నాళ్ళూ మొగుణ్ణి నీంగ అంటున్న భార్య గొడవ మధ్యలో నీ అనేసిందనుకో, తమిళ పాఠకుడు పుస్తకం మీంచి తలెత్తుతాడు. మీరు పోయి నువ్వు వచ్చినప్పుడు మనమూ తలెత్తుతాం. ఇంగ్లీషులో రెండూ యూ, ఆ మలుపు ఎక్కడ జరిగిందో నీకు తెలియనే తెలియదు.

ఇక ఇంగ్లీషే పట్టుకోవాల్సిన పనులు. మందుల కాగితం, బ్యాంకు రుణపత్రం, కుట్టుమిషన్‌తో వచ్చే పుస్తకం లాంటివి తమిళంలో ఇచ్చి తెలుగు చెయ్యమంటే, ముందు ఇంగ్లీషు ప్రతి ఉందేమో అడుగు. అవి సాధారణంగా ఇంగ్లీషులో పుట్టి తమిళంలోకి వెళ్ళినవి. అలాంటప్పుడు తమిళం నుంచి చెయ్యడమే చుట్టుదారి, మధ్యలో నిలబడ్డ భాష తమిళం అవుతుంది. తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని చివర ఒక షరతు ఉంటే ఇంక ఆలోచించకు. అది లేకపోయినా, తమిళ వాక్యం నోటితో ఎవరూ అనని పద్ధతిలో సాగుతూ, ప్రతి క్రియకీ మన 'బడుతోంది' లాంటి 'పడుగిఱదు' తగులుతుంటే మూలం ఇంగ్లీషని అనుకోవచ్చు. ఏ భాషలో మొదట ఆలోచించి రాశారో ఆ భాష నుంచి చెయ్యి. నవలకైనా లోను కాగితానికైనా నేను చూసేది అదే.

తమిళం నుంచి నేరుగా చేస్తే అన్నీ సవ్యంగా ఉంటాయని కూడా అనుకోకు. దగ్గరి భాషలు కాబట్టి కళ్ళు మూసుకుని ఎత్తి రాసేయాలనిపిస్తుంది. మీ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారికి తమిళనాడు నుంచి ఉత్తరం వచ్చిందనుకో. ఎన్ని టిక్కీలు, ఏ రకం, ఏ ధర, ఇవి ఏ దారిన తెచ్చినా ఒకటే. కానీ కింద "సరక్కై అవసరమా అనుప్పుంగ" అని ఉంటే, అది 'సరుకు అర్జంటుగా పంపండి' అని. తమిళంలో అవసరం అంటే తొందర. 'అవసరమైతే పంపండి' అని రాసిస్తే ఆ వ్యాపారి నింపాదిగా కూర్చుంటాడు, బేరం ఇంకొకరికి పోతుంది. ఇంగ్లీషు మీదుగా వస్తే ఈ తప్పు జరగదు. అందుకే ఆ ప్రతిని పక్కన ఉంచుకోమన్నాను. బంధుత్వాలు కూడా అన్నీ ఒకటికొకటి సరిపోవు. మన అత్త మేనత్తా అవుతుంది, మేనమామ భార్యా అవుతుంది, అత్తగారూ అవుతుంది. తమిళంలో మేనత్త అత్తై, అత్తగారు మామియార్. తెలుగు నుంచి తమిళానికి పోయేటప్పుడు ఏ అత్తో కనుక్కోకుండా కలం ఎత్తకు.

పేర్ల విషయంలో రెండు ప్రతులూ కావాలి. తమిళ లిపిలో క, గ ఒకే అక్షరం, ప, బ ఒకే అక్షరం. అక్కడ ఉన్నది గీతో కీతో, బాలునో పాలునో లిపి చెప్పదు, ఇంగ్లీషు స్పెల్లింగ్ చెబుతుంది. అదే ఇంగ్లీషు తమిళుల 'త'ని Th అని రాస్తుంది గనక తంగం మన చేతుల్లో థంగం అవుతుంది. Ezhil అన్నది చూసి ఎజిల్ అని రాసేవాళ్ళున్నారు. ఆ zh తమిళంలో ళ కాకుండా విడిగా ఉన్న అక్షరం, తెలుగులో దాన్ని ళ అని రాయడం అలవాటు, కాబట్టి ఎళిల్. హ్రస్వం, దీర్ఘం, న-ణ, ల-ళ తేడాలు తమిళం చూసి తీసుకో. గ, బ, ద లాంటివి ఇంగ్లీషు చూసి తీసుకో.

ఒకవేళ మలయాళమో ఒడియానో, నీకు బొత్తిగా రాని భాష పుస్తకం వచ్చి, ఇంగ్లీషు తప్ప గతి లేదనుకో. అప్పుడు మొదలుపెట్టే ముందే ఆ భాష చదవగలిగిన మనిషిని ఒక పూట కూర్చోబెట్టుకో. వాళ్ళు అనువాదం చెయ్యక్కర్లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఇంగ్లీషులో 'వుయ్' ఉన్న కీలకమైన చోట్ల విన్నవాళ్ళు అందులో ఉన్నారా లేరా, ఏవి చూసి చెప్పినవి, ఏవి విని చెప్పినవి, ఇంతవరకు మూలం చూసి ఇంగ్లీషు పుస్తకం మార్జిన్లో పెన్సిల్‌తో గుర్తు పెడితే చాలు. 1953 దాకా మనదీ మద్రాసు రాష్ట్రమే కాబట్టి మా పెద్దవాళ్ళలో తమిళం వచ్చినవాళ్ళు వెతక్కుండానే దొరికేవారు. ఇప్పుడు వెతకాలి, వాళ్ళకి డబ్బూ ఇవ్వాలి. ఆ ఖర్చు ప్రచురణకర్త మీద వెయ్యి, నీ పారితోషికంలోంచి కాదు.

ఎవరైనా సాఫ్ట్‌వేర్‌తో తీసిన ముసాయిదా ఇచ్చి దిద్దమంటే, దానికి "మేము వెళ్ళాం", "మనం వెళ్ళాం" రెండూ ఇచ్చి తమిళం చేయించి చూడు. రెండింటికీ ఒకే మాట వస్తే అది లోలోపల ఇంగ్లీషు మీదుగా నడుస్తోందని అనుమానించు. తెలుగు-తమిళం జంటగా ఉన్న పాఠాలు తక్కువ, ఇంగ్లీషుతో జంటలు ఎక్కువ గనక అలా జరుగుతుంది. దిద్దే రేటు కాకుండా అనువాదం రేటే అడుగు.

నీ నవల దగ్గరికి వస్తే, సంభాషణలు ఎక్కువున్న అధ్యాయం ఒకటి తీసి తమిళం నుంచి చేసి, అదే అధ్యాయాన్ని ఇంగ్లీషు నుంచీ చేసి, రెండూ ప్రచురణకర్తకి పంపు. గడువు ఎందుకు పెంచాలో ఆయనకి నువ్వు చెప్పనక్కర్లేదు. అయినా ఇంగ్లీషు నుంచే కావాలంటే, లోపలి పేజీలో 'ఇంగ్లీషు అనువాదం ఆధారంగా' అని అచ్చు వేయాలని ఒప్పందంలో రాయించుకో. బంధుత్వాల కాగితం తయారయ్యాక నాకొక ప్రతి పంపు, మామాలూ అత్తైలూ ఎక్కడైనా తేడాగా ఉంటే గుర్తు పెట్టి పంపిస్తాను.

మీ పెద్దమ్మ