రాలే పొట్టు పొడిదా, జిడ్డుదా?

ప్రశ్న: నా వయసు 27. ఆరు నెలలుగా తలలో పొట్టు రాలుతోంది, దురద కూడా ఉంది. మాడు పొడిబారిందని అమ్మ వారానికి మూడు రాత్రులు కొబ్బరినూనె పట్టిస్తోంది. పెట్టిన రోజు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఇది పొడి వల్లా, చుండ్రు వల్లా? ఇంట్లో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉందమ్మా. ముందు ఒక వారం నూనె ఆపండి. నూనె ఉన్నంతకాలం ఏ పొట్టయినా తడిసి మాడుకు అతుక్కుంటుంది. అందుకే పెట్టిన రోజు తగ్గినట్టు కనిపిస్తుంది.

వారం తర్వాత మామూలు షాంపూతో తలస్నానం చేయండి. చుండ్రు షాంపూ వద్దు. మర్నాడు అదే వేళకు టిష్యూ కాగితాన్ని పాపిట మీద, చెవుల వెనుక కాసేపు అదిమిపెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. నూనె మరకలా పారదర్శకంగా కనిపిస్తే అది మీ మాడులో ఊరిన జిడ్డే. ఆ తర్వాత నల్లని గుడ్డ మీదకు వంగి దువ్వండి. పొడి మాడు నుంచి తెల్లని సన్నని పిండిలాంటి పొట్టు రాలుతుంది, ఊదితే ఎగిరిపోతుంది. జిడ్డు పొట్టు కొంచెం పెద్దది, పసుపు ఛాయలో ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడి కాకుండా మైనంలా అణిగి వేలికి అంటుకుంటుంది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువగా నమ్మేది దురద వచ్చే సమయాన్ని. తలస్నానం చేసిన కొద్ది గంటలకే మాడు బిగుసుకుని దురద పెడుతుంటే పొడితనం అనుకోవచ్చు. అలాంటివారికి కాళ్లూ చేతులూ కూడా పొడిబారి ఉంటాయి. స్నానంతో హాయిగా ఉండి, రెండు మూడు రోజులకు దురద మళ్లీ మొదలైతే జిడ్డు చుండ్రు. అద్దంలో కనుబొమలు, ముక్కు పక్కల మడతలు కూడా చూడండి. అక్కడ ఎర్రదనం, పొట్టు కనిపిస్తే దాదాపు సందేహం అక్కర్లేదు.

నూనె పెట్టినా ఆరు నెలలుగా తగ్గలేదంటే మీది జిడ్డు చుండ్రే కావచ్చని నా అనుమానం. మలసీజియా అనే శిలీంధ్రం మన చర్మం మీద సహజంగానే ఉంటుంది. జిడ్డులోని కొవ్వే దాని ఆహారం. రాత్రంతా నూనె ఉంచితే దానికి మరింత మేత దొరుకుతుంది. అమ్మగారి ప్రేమలో లోపం లేదు, ఈ సమస్యకు నూనె సరిపడదంతే.

పరీక్షలో జిడ్డు అని తేలితే 2 శాతం కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు వాడండి. జుట్టుకు కాదు, మాడుకు పట్టించి ఐదు నిమిషాలు ఆగి కడగాలి. నాలుగు వారాలు చూడండి. పొడి అని తేలితే వేడి నీళ్లు మాని, గోరువెచ్చని నీళ్లు, ఘాటు తక్కువ షాంపూ వాడండి. స్నానానికి గంట ముందు కొద్దిగా నూనె రాసుకోవచ్చు.

రెండూ కలిసి ఉన్నవారూ ఉంటారు, అప్పుడు ఈ గుర్తులు తికమక పెడతాయి. వెండిలా మెరిసే మందపాటి పొలుసులు నుదుటి అంచు దాటి వస్తున్నా, మోచేతుల మీద కనిపిస్తున్నా అది సోరియాసిస్ కావచ్చు. జుట్టు అక్కడక్కడ గుండ్రంగా ఊడుతున్నా, నాలుగు వారాలకు తగ్గకపోయినా చర్మవైద్యులకు చూపించండి. వెళ్లే రోజు తలకు నూనె రాసుకోకండి.