జిమ్‌కి ఏడాది కట్టాలా, నెల నెలా కట్టాలా?

"మా వీధి జిమ్‌లో ఏడాదికి 15,000, నెలకైతే 2,000 అంటున్నారు. వారానికి ఐదు రోజులు వెళ్దామనుకుంటున్నా. ఏడాదిది తీసుకుంటేనే లాభం కదా?"

కూకట్‌పల్లిలో నేను చేరినప్పుడూ సరిగ్గా ఇవే రేట్లు. "రోజుకి 41 రూపాయలే సార్, రెండు టీల ఖర్చు" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. 15,000ని 365తో భాగించాడన్నమాట. ఆదివారం జిమ్ మూసేస్తారన్న సంగతి కూడా ఆ లెక్కలో లేదు.

వేలిముద్ర మెషీన్ ఉండటంతో నా హాజరు పక్కాగా తేలింది. జనవరిలో 18 రోజులు, ఫిబ్రవరిలో 14, మార్చిలో 9, ఏప్రిల్‌లో 4. మే అంతా పిల్లలతో ఊళ్లో ఉన్నాం, సున్నా. జూన్‌లో 3, జూలైలో 2. ఆ తర్వాత మళ్లీ గుమ్మం తొక్కలేదు. మొత్తం 50 సార్లు, అంటే వెళ్లినప్పుడల్లా 300 రూపాయలు.

అసలు మంట ఎక్కడంటే, అక్కడే ఒక్కరోజు పాస్ 200కి ఇస్తారు. గోడ మీద రాసే ఉంది, నేనే పట్టించుకోలేదు. రోజూ పాస్ కొనుక్కున్నా 10,000తో పోయేది. జనవరి, ఫిబ్రవరి నెల ఫీజు కట్టి, మిగతా 18 సార్లు పాస్ తీసుకుని ఉంటే 7,600తో సరిపోయేది.

అందుకే మీరు కూడా ముందు ఆ రోజు పాస్ ధర అడగండి. నెల ఫీజుని దాంతో భాగిస్తే, 2,000కి 200 చొప్పున పది సార్లు. నెలలో పదికి తక్కువ వెళ్తే పాసే చవక. ఏడాది ప్లాన్ లాభం కావాలంటే, ఒక్కో నెలకి పాస్‌ల ఖర్చు, నెల ఫీజుల్లో ఏది తక్కువైతే అది వేసుకుని, పన్నెండు నెలలూ కూడితే 15,000 దాటాలి. పాస్ ఇవ్వని జిమ్ అయితే, ఎనిమిది నెలలు ఆగకుండా వెళ్తారా అన్నదే చూసుకోండి.

వారానికి ఐదు అన్నారు గానీ, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒక నెల కట్టి చేరండి. మొదటి నెల కొత్త బూట్ల జోరు ఉంటుంది, అది చెల్లదు. రెండో, మూడో నెల ఎన్నిసార్లు వెళ్లారో క్యాలెండర్‌లో టిక్ పెట్టుకోండి. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు అన్నీ కలిపి వచ్చిన అంకే మీది. మా ఆవిడ యోగా క్లాసుకి ఇలాగే చూసుకుంది. వారానికి మూడు క్లాసులని చేరింది, నెలకి తొమ్మిదో పదో దగ్గర నిలకడగా ఆగింది. ఆవిడకి నెల ఫీజే గిట్టుబాటు.

అప్పటికీ ఏడాదిదే కావాలనిపిస్తే, ఊరెళ్లినప్పుడు ఎన్ని రోజులు ఫ్రీజ్ చేస్తారో, మధ్యలో మానేస్తే మిగతా నెలలు ఇంకొకరి పేరు మీదకి మారుస్తారో లేదో రసీదు మీద రాయించుకోండి. నాకు నోటిమాటగా రెండూ కుదురుతాయన్నారు. మే నెలలో ఫోన్ చేస్తే ఆ కుర్రాడు మానేశాడన్నారు.