పురుగు కనిపించిన ప్యాకెట్ వీడియో పాకిపోయినప్పుడు క్షమాపణ ప్రకటన ఎలా రాయాలి?

ప్రశ్న: మాది పొడులు, పచ్చళ్లు అమ్మే చిన్న బ్రాండ్. మా కందిపొడి ప్యాకెట్‌లో పురుగులు ఉన్నాయని ఒక కస్టమర్ పెట్టిన వీడియో నిన్నటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాలో తెగ తిరుగుతోంది. తప్పు మాదేనని ఇంకా తేలలేదు. క్షమాపణ ప్రకటన ఇప్పుడే ఇవ్వాలా? ఇస్తే ఏం రాయాలి?

జవాబు:

ఇప్పుడే ఇవ్వాలండి. అయితే అందులో రాయవలసిన మొదటి వాక్యం ఆ ప్యాకెట్ మీద ఉన్న బ్యాచ్ నంబరు నుంచి పుట్టాలి. వీడియోలో అది కనిపించకపోతే, ప్రకటన రాయడానికి కూర్చునే ముందే ఆ కస్టమర్‌కు ఫోన్ చేసి, ప్యాకెట్‌ను పారేయవద్దని కోరి, నంబరూ ప్యాకింగ్ తేదీ కనిపించేలా ఒక ఫొటో పంపమని అడగండి. వీడియో తీసేయమని మాత్రం ఆ ఫోన్‌లో గానీ తరువాత గానీ అడగవద్దు. నేను గుంటూరు జిల్లాలో ఒక మసాలా పొడుల సంస్థలో నాణ్యతా విభాగంలో చాలా కాలం పనిచేశాను. ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు యాజమాన్యాలకు మొదట తోచేవి రెండే: వీడియోను తొలగింపజేయడం, "మా దగ్గర అలా జరిగే అవకాశమే లేదు" అని ప్రకటించడం. ఈ రెండూ ఎక్కడికి దారితీస్తాయో జపాన్‌లో జరిగిన ఒక ఉదంతం స్పష్టంగా చూపిస్తుంది.

2014 డిసెంబరు 2న అక్కడి ఒక విద్యార్థి, పెయాంగ్ అనే పేరుతో అమ్మే ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో బొద్దింక ఉన్న ఫొటోను ట్విటర్‌లో పెట్టాడు. తయారీదారు గున్మా ప్రాంతానికి చెందిన మరుకా ఫుడ్స్. తయారీ క్రమంలో అలాంటిది కలిసే అవకాశం ఊహించలేమన్నది ఆ సంస్థ తొలి స్పందన. సంస్థ వారు వచ్చి మాట్లాడిన తరువాత ఆ విద్యార్థి తన టపాను తొలగించాడు. దాంతో ఏదో దాస్తున్నారన్న అనుమానం జనంలో మరింత పెరిగింది. ఆ తరువాత కొన్ని ప్యాకెట్లను మాత్రం వెనక్కి తీసుకుంటామన్నారు. అంతలో బయటి సంస్థలో చేయించిన పరీక్షలో ఆ పురుగుకు వేడి తగిలిన ఆనవాళ్లున్నట్లు తేలడంతో, డిసెంబరు 11న మాట మార్చుకోక తప్పలేదు. తయారీ సమయంలో కలిసి ఉండే అవకాశాన్ని కాదనలేమని ఒప్పుకుని, ఉత్పత్తినీ అమ్మకాలనూ పూర్తిగా ఆపేశారు. ఆ నూడుల్స్ మళ్లీ దుకాణాలకు వచ్చింది 2015 జూన్‌లో; డబ్బా మూతను కూడా అంచుల చుట్టూ అతికించి మూసే రకానికి మార్చారు. డిసెంబరు 11న చెప్పిన మాటను వారు తొలిరోజే "ఇంకా తెలియదు" అన్న రూపంలో చెప్పి ఉంటే నష్టం తప్పేదని నేను అనను. కానీ తామే అన్న మాటను తామే కాదనవలసిన పరిస్థితి మాత్రం వచ్చేది కాదు.

వేడి ఆనవాళ్లకు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, పురుగు ఒంట్లో కెటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాడవకుండా ఉంటే, పురుగు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసినప్పుడు బుడగలు వస్తాయి. బాగా వేడి తగిలిన పురుగులో ఆ ఎంజైమ్ నశించి బుడగలు రావు. అందువల్ల బుడగలు వచ్చాయంటే ఆ పురుగు వేయించిన తరువాతే చేరిందని చెప్పుకోవచ్చు. బుడగలు రానంత మాత్రాన మూకుడులోనే పడిందని తేల్చలేము, ఎందుకంటే చచ్చి చాలా రోజులు ఎండిన పురుగులో కూడా ఆ ఎంజైమ్ తగ్గిపోతుంది. పైగా ఈ పరీక్ష చచ్చిన పురుగు దొరికినప్పుడే పనికొస్తుంది. మీ వీడియోలో పురుగులు కదులుతూ ఉంటే దీని అవసరమే లేదు, బతికున్న పురుగు వేగిన పురుగు కాదు కదా.

కందిపొడి విషయంలో ప్రశ్న వేరు. పప్పు వేయించేటప్పుడు లోపలున్న గుడ్లూ లద్దెలూ ఆ వేడికి చస్తాయి. కాబట్టి బతికున్న పురుగు కనిపించిందంటే అది చల్లార్చే పళ్లేల దగ్గరో, నిన్నటి పొడి మిగిలిన మర మూలల్లోనో, ప్యాకింగ్ యంత్రం తొట్టిలోనో, ఆ తరువాత గోదాములోనో, దుకాణంలోనో, చివరికి ఇంట్లోనో చేరి ఉండాలి. ఎక్కడ చేరిందో చెప్పడానికి ప్యాకింగ్ తేదీ చాలావరకు సాయపడుతుంది. పిండిలో పుట్టే ఎర్రని చిన్న పెంకు పురుగు మన వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు నెల పడుతుంది. నాలుగు నెలల కిందట ప్యాక్ చేసినప్పుడే గుడ్డు పడి ఉంటే, ఈపాటికి అందులో చచ్చిన పురుగులు, విడిచిన పొరలు, ముద్దకట్టిన పొడి కనిపించాలి. అవేవీ లేకుండా కొన్ని లేత లద్దెలు మాత్రమే ఉంటే అవి ఈమధ్యే చేరాయని అర్థం. ప్యాకెట్‌కు చిల్లు ఉంటే భూతద్దంతో చూడండి. పురుగు తొలిచిన వైపు చిల్లు వెడల్పుగా, గీతలతో ఉంటుంది. దాన్ని బట్టి అది బయటి నుంచి లోపలికి వచ్చిందో, లోపలి నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది.

మా సంస్థలో ఒకసారి సరిగ్గా మీకు వచ్చిన లాంటి ఫిర్యాదే వచ్చింది. వరంగల్ వైపు ఒక కుటుంబం కొన్న సాంబారు పొడి ప్యాకెట్‌లో పురుగులు కదులుతున్న వీడియో అది. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్యాకెట్లను కంట్రోల్ శాంపిల్‌గా బీరువాలో దాచే అలవాటు మాకు ఉండేది. ఆ బ్యాచ్‌వి తీసి తెల్లని పళ్లెంలో జల్లెడ పట్టి చూస్తే ఒక్క పురుగు కూడా లేదు. యజమాని వెంటనే, మా శాంపిల్ శుభ్రంగా ఉంది, కస్టమరే సరిగా నిల్వ చేసుకోలేదు అన్న అర్థంలో ప్రకటన సిద్ధం చేయించారు. కానీ బీరువాలో ఉన్న ప్యాకెట్ లారీ ఎక్కలేదు, గోదాములో దొర్లలేదు. అది శుభ్రంగా ఉందంటే ప్యాక్ చేసిన రోజున పొడి బాగుందని మాత్రమే తెలుస్తుంది. అందుకని ఆ ఊరి డిస్ట్రిబ్యూటర్ దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిన అదే బ్యాచ్ ప్యాకెట్లను తెప్పించి, బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా నొక్కి చూశాము. కొన్నింటికి పై మూల నుంచి సన్నని బుడగల వరుస లేచింది. ఆ మూలను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సీల్ మధ్యలో పొడి ఒక గీతలా ఇరుక్కుని కనిపించింది. పొడి పూర్తిగా కిందికి దిగకముందే సీల్ పట్టీలు మూసుకోవడం వల్ల అక్కడ ప్లాస్టిక్ అతకలేదు. ఆ గోదాములో మా పెట్టెల పక్కనే గోధుమ పిండి బస్తాలున్నాయి. పురుగు వాటి నుంచి వచ్చి ఉండవచ్చు, కానీ దారి ఇచ్చింది మా సీలే. సిద్ధం చేసిన ప్రకటన పక్కన పెట్టి, ఇదే సంగతి చెబుతూ ఇంకొకటి రాశాము. అందువల్ల మీరు కూడా నీళ్ల పరీక్ష ఈ రోజే చేయించండి. దానికి ల్యాబ్ అక్కరలేదు.

ఇక ప్రకటన. ఎంతకాలం నుంచి వ్యాపారంలో ఉన్నారో, ఎన్ని పరీక్షలు చేస్తారో అందులో రాయకండి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అన్న మాట అసలే వద్దు, ఎందుకంటే అక్కడ పాడైనది తినే పదార్థం. మీ సందర్భానికి నేనైతే ఇలా రాస్తాను:

"మా కందిపొడి ప్యాకెట్‌లో పురుగులు కనిపించాయని ఒక వినియోగదారు ఫలానా తేదీన వీడియో పెట్టారు. తినడానికి కొన్న పొడిలో పురుగులు చూడవలసి వచ్చిన ఆ కుటుంబానికి క్షమాపణ చెబుతున్నాము. ఆ ప్యాకెట్ ఫలానా బ్యాచ్‌కు చెందినది, ఫలానా తేదీన ప్యాక్ చేసినది. ఆ బ్యాచ్ అమ్మకాన్ని ఈ రోజు నుంచి అన్ని దుకాణాలలోనూ ఆపించాము. ఆ నంబరు ఉన్న ప్యాకెట్ మీ ఇంట్లో ఉంటే వాడకండి. తెరిచినదైనా, బిల్లు లేకపోయినా, కొన్న చోటే ఇచ్చి డబ్బు తిరిగి తీసుకోండి. పురుగులు ఏ దశలో చేరాయో మాకు ఇంకా తెలియదు. తెలిసినంత వరకు ఫలానా రోజున ఇక్కడే చెబుతాము."

ఇందులో తప్పు మీదేనని ఎక్కడా లేదు, కాదనీ లేదు. క్షమాపణ చెబితే నేరం ఒప్పుకున్నట్లవుతుందేమోనన్న భయంతోనే చాలామంది ప్రకటనను డొంకతిరుగుడుగా రాయిస్తారు. నిజానికి మీరు భయపడవలసినది వేరొకటి ఉంది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 28వ సెక్షన్ ప్రకారం, తన సరుకు చట్టానికి అనుగుణంగా లేదని నమ్మడానికి కారణం కనబడగానే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించి, అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత తయారీదారుదే. నీళ్ల పరీక్షలో బుడగలు వచ్చాక ఊరుకుంటే ఆ కారణం మీకు తెలిసీ ఊరుకున్నట్లే. ఆ పరిస్థితి వస్తే మీ జిల్లా ఆహార భద్రతా అధికారికి మీరే రాతపూర్వకంగా తెలియజేయండి. వీడియో అంతగా తిరిగినప్పుడు వారు ఎలాగూ శాంపిల్ కోసం వస్తారు.

కస్టమర్ ప్యాకెట్‌ను తెప్పించుకునేటప్పుడు మొత్తం పట్టుకురాకండి. సగం పొడిని వారి దగ్గరే, వారి ఎదుటే మూసిన డబ్బాలో ఉంచి, ఏం తీసుకువెళ్తున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. కవరు మీతో తీసుకువెళ్లక తప్పదు, సీల్ దాని మీదే ఉంటుంది గనుక, తీసుకునే ముందు దాని నాలుగు మూలలనూ ఫొటో తీసి వారికి పంపండి. మీ మిగతా సరుకు కానుకగా ఇవ్వడం ఆ రోజు వద్దు, నోరు మూయించడానికి తెచ్చారన్న మాట వస్తుంది. పొడి ధర మాత్రం అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

చెప్పిన రోజుకు విచారణ పూర్తి కాకపోయినా రెండో ప్రకటన ఆ రోజే రావాలి. అంతవరకు ఏమేం చూశారో, ఏమి మిగిలిందో రాస్తే చాలు. తప్పు కస్టమర్ ఇంట్లోనే జరిగిందని తేలితే, వారిని వేలెత్తి చూపకుండా, బ్యాచ్‌లో మిగతా ప్యాకెట్లను ఎక్కడెక్కడి నుంచి తెప్పించి ఎలా పరీక్షించారో, ఏమి కనిపించిందో మాత్రమే రాయండి. మీ సీల్‌లోనే లోపముందని తేలితే, యంత్రంలో ఏ భాగం మార్చారో, ఇక మీద ఎన్ని ప్యాకెట్లకు ఒకదాన్ని నీళ్లలో ముంచి చూస్తారో రాయండి. రెండో ప్రకటన వచ్చిన తరువాత కూడా మొదటిదాన్ని తీసేయవద్దు. బ్యాచ్ నంబరు అందులోనే ఉంది, ఆ ప్యాకెట్ ఇంకా ఎవరి వంటింట్లోనైనా ఉండవచ్చు.